అడ్వాన్స్ రెండు నెలలే, తిరిగొచ్చేది ఎంత?

అద్దె ఇంటి అడ్వాన్స్ విషయంలో హైదరాబాద్ నయం అంటారు బెంగళూరు నుంచి వచ్చినవాళ్లు. నిజమే. అక్కడ ఒకప్పుడు పది నెలల అద్దె ముందే కట్టాల్సి వచ్చేది. ఇప్పటికీ ఐదారు నెలలు అడిగే ఓనర్లు ఉన్నారు. మన దగ్గర మామూలుగా రెండు నెలలు, కొన్ని గేటెడ్ కమ్యూనిటీల్లో మూడు. కేంద్రం 2021లో ఆమోదించిన మోడల్ టెనెన్సీ చట్టం కూడా నివాసాలకు రెండు నెలలే పరిమితి పెట్టింది. అది నమూనా చట్టం, రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే అమలవుతుంది. అయితే ఆ అంకె దగ్గరకు మన ఊరు అలవాటు కొద్దీ ముందే చేరింది.

అసలు ఇబ్బంది ఇల్లు ఖాళీ చేసే రోజున మొదలవుతుంది. అడ్వాన్స్ తక్కువే కదా అని దిగేటప్పుడు ఎవరూ పెద్దగా పట్టించుకోరు. అందులో సగం తిరిగి రాదని ఖాళీ చేసేటప్పుడే తెలుస్తుంది.

ఒక లెక్క వేద్దాం. కొండాపూర్‌లో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్, అద్దె 28 వేలు, మెయింటెనెన్స్ 3 వేలు అనుకుందాం. దిగే రోజున అడ్వాన్స్ 56 వేలు, మొదటి నెల అద్దె, మెయింటెనెన్స్ కట్టాలి. బ్రోకర్ ద్వారా దొరికితే అతనికి ఒక నెల అద్దె, అంటే మరో 28 వేలు. కాస్త బేరం ఆడితే పదిహేను రోజుల అద్దెకు ఒప్పుకునేవాళ్లూ ఉంటారు. మొత్తం మీద చేతిలోంచి వెళ్లేది 1,15,000.

పదకొండు నెలలకు ఉద్యోగం మారి ఖాళీ చేశారు. పెయింటింగ్ పేరుతో ఒక నెల అద్దె పోతుంది. క్లీనింగ్‌కి 4 వేలు, చివరి కరెంటు బిల్లు 1,500 పోతే చేతికొచ్చేది 22,500. కరెంటు బిల్లు మనం వాడుకున్నదే, దాని మీద ఫిర్యాదు లేదు. బ్రోకర్ కమీషన్, పెయింటింగ్, క్లీనింగ్ కలిపి తిరిగిరాని డబ్బు 60 వేలు. దాన్ని పదకొండు నెలలకు పంచితే నెలకు దాదాపు 5,450. అంటే ఆ ఇంటి అద్దె 28 వేలు కాదు, 33 వేలు దాటింది. అదే ఇంట్లో మూడు అగ్రిమెంట్ల పాటు, అంటే 33 నెలలు ఉంటే ఈ భారం నెలకు 1,800కి దిగుతుంది. ఇళ్లు పోల్చుకునేటప్పుడు టు లెట్ బోర్డు మీద అంకెతో పాటు ఈ లెక్క కూడా వేసుకోవాలి.

నాకు అభ్యంతరం పెయింటింగ్‌కి డబ్బు తీసుకోవడం మీద కాదు. ఆ ఖర్చు నిజంగానే ఉంటుంది, పైగా ఏటేటా పెరుగుతోంది. కానీ పదకొండు నెలలున్నవాడూ, నాలుగేళ్లున్నవాడూ ఒకే మొత్తం కట్టడం ఏం న్యాయం? పైగా ఐటీ కారిడార్‌లో డిమాండ్ ఉన్న ఫ్లాటుకు వారంలోపే కొత్తవాళ్లు దిగిపోతారు. చాలాసార్లు గోడల మీద మేకుల కంతలు పూడ్చి, మరకలున్న చోట ఒక పూత వేసి వదిలేస్తారు. మిగిలిన డబ్బు ఓనర్ జేబులోనే ఉంటుంది. ఇల్లు చేతులు మారిన ప్రతిసారీ బ్రోకర్‌కి కమీషన్, చూపించిన వాచ్‌మన్‌కి ఎంతో కొంత, ఓనర్‌కి పెయింటింగ్ డబ్బు, కొత్త అద్దె. అద్దెకుండేవాడు పది కాలాలు ఉండాలని కోరుకోవాల్సిన అవసరం వీళ్లలో ఎవరికీ పెద్దగా లేదు. ఇళ్లు ఖాళీగా రెండు నెలలు పడి ఉండే ప్రాంతాల్లో ఇది తిరగబడుతుంది. అక్కడ ఓనరే ‘ఇంకో ఏడాది ఉండండి, పెంచనులే’ అంటాడు.

చట్టం ఏమంటుంది? 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోని 108వ సెక్షన్ ప్రకారం అద్దెకుండేవారు ఇంటిని తీసుకున్నప్పటి స్థితిలో అప్పగించాలి. మామూలు వాడకంతో వచ్చే అరుగుదలకు మినహాయింపు ఉంది. రంగు వెలిసిపోవడం అందులోకే వస్తుంది. కానీ ఇదంతా అగ్రిమెంట్‌లో వేరేగా రాసుకోకపోతేనే. ‘ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ నిమిత్తం ఒక నెల అద్దె మినహాయించబడును’ అనే ఒక్క వాక్యంతో ఆ రక్షణ పోతుంది. జిరాక్స్ షాపులో వంద రూపాయల స్టాంప్ పేపర్ మీద ప్రింట్ తీసే రెడీమేడ్ అగ్రిమెంట్లలో ఈ వాక్యం చాలావరకు ముందే ఉంటుంది. మనం పేరు, అద్దె, తేదీ చూసి సంతకం పెట్టేస్తాం.

పదకొండు నెలల సంగతి కూడా చూడాలి. 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడాది దాటిన లీజును రిజిస్టర్ చేయించాలి, అది తప్పించుకోవడానికే దేశమంతా పదకొండు నెలలు రాసుకుంటుంది. మన దగ్గర ఈ ఉపాయం అంత గట్టిది కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 1999లో తెచ్చిన సవరణతో కాలపరిమితితో పని లేకుండా లీజులన్నీ రిజిస్ట్రేషన్ కిందికి వచ్చాయి. కాబట్టి నోటరీ ముద్ర వేసినంత మాత్రాన ఆ కాగితానికి కోర్టులో పూర్తి బలం రాదు. దీనివల్ల ఇద్దరూ సమానంగా నష్టపోతారని అనుకోవద్దు. డబ్బు ఓనర్ దగ్గరే ఉంది, కోర్టుకు వెళ్లాల్సిన అగత్యం అతనికి లేదు. కాగితం బలహీనమైతే ఆ దెబ్బ తగిలేది డబ్బు రాబట్టుకోవాల్సినవాడికే. అందుకే అడ్వాన్స్ నగదుగా ఇవ్వొద్దు. ఓనర్ ఖాతాకే పంపి, పక్కన ‘అడ్వాన్స్’ అని రాస్తే ఆ ఎంట్రీ కాగితంతో పని లేకుండా నిలబడుతుంది. 28 వేల కోసం సివిల్ కోర్టుకెక్కడం ఎవరికీ గిట్టుబాటు కాదు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో కేసు వేయకముందే అర్జీ పెట్టుకుని లోక్ అదాలత్‌లో తేల్చుకునే వీలుంది. దానికి కోర్టు ఫీజు లేదు, అయితే రాజీకి అవతలివారు కూడా ఒప్పుకోవాలి. బ్రోకర్ మీద రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ రెరాకు వెళ్దామంటే ఆ చట్టం పరిధి ప్రాజెక్టుల్లో అమ్మకాలు, కొనుగోళ్లే.

బేరమాడే బలం మనకుండేది టోకెన్ ఇచ్చే ముందే. ‘ఫ్లాట్ బ్లాక్ చేస్తాను, ఐదు వేలు పంపండి’ అని బ్రోకర్ తొందరపెట్టినప్పుడు అగ్రిమెంట్ డ్రాఫ్ట్ వాట్సాప్‌లో అడగాలి. పెయింటింగ్ వాక్యం తీసేయమంటే చాలామంది ఓనర్లు ఒప్పుకోరు. ‘రెండేళ్లు దాటితే సగం’, ‘బిల్లు చూపించిన మేరకే’ అంటే కొందరు ఒప్పుకుంటారు. బ్రోకర్‌కి కమీషన్ తాళాలు చేతికొచ్చాకే ఇస్తామని అప్పుడే చెప్పాలి. దిగిన రోజున గోడలు, గీజర్, కరెంటు మీటర్ రీడింగ్ ఫొటోలు తీసి ఓనర్‌కి పంపితే తేదీతో సహా ఉండిపోతాయి.

డబ్బు తిరిగి రాదనే భయంతో చివరి రెండు నెలలు అద్దె ఆపేసి ‘అడ్వాన్స్‌లో పట్టుకోండి’ అనేవాళ్లు తక్కువేం కాదు. ఓనర్ల కోపంలోనూ అర్థముంది. అలా చేసినవాడు కరెంటు బిల్లు ఎగ్గొట్టి, తలుపు విరగ్గొట్టి పోతే చేతిలో రూపాయి మిగలదు. ఈ గొడవను ముందే కాగితం మీద తేల్చుకోవచ్చు: అడ్వాన్స్‌లో ఒక నెల మొత్తం, ఖాళీ చేస్తామని నోటీసు ఇచ్చిన నెల అద్దెకు సర్దుబాటు, రెండో నెలది బిల్లులు, మరమ్మతుల కోసం ఓనర్ దగ్గరే ఉండి, తాళాలిచ్చిన ఏడు రోజుల్లో లెక్క చూపి వాపసు. పై లెక్కలోని ఫ్లాటుకు ఇలా రాసుకుంటే ఖాళీ చేసే రోజున ఓనర్ చేతిలో ఉండేది 56 వేలు కాదు, 28 వేలు.