“పిల్లలకు తగదు” అన్నారు సరే, ఎన్నేళ్ల పిల్లలకు?

హనుమకొండ నుంచి మా వదిన పోయిన నెలలో ఒక రాత్రి నాకు రెండు ఫొటోలు పంపింది. ఒకటి ఇరవై రూపాయలకు ప్రతి కిరాణా కొట్లోనూ దొరికే 250 మిల్లీలీటర్ల ప్లాస్టిక్ సీసాది, రెండోది 350 మిల్లీలీటర్ల డబ్బాది. రెండూ ఎనర్జీ డ్రింకులే. హాస్టల్‌లో ఉండి ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్న మా మేనల్లుడు పండుగ సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు, ఉతకడానికి వాడి బట్టల సంచి విప్పితే అడుగున ఇలాంటి ఖాళీ సీసాలు తొమ్మిది బయటపడ్డాయట. “వదినా, నువ్వు ఆహార పరీక్షల ల్యాబులో పనిచేసినదానివి కదా, దీని మీద ఏం రాశారో చదివి చెప్పు, నాకు అక్షరాలు కనిపించడం లేదు, కనిపించినవి అర్థం కావడం లేదు” అని అడిగింది. ఆ చదవడానికి నాకు పట్టిన సమయమూ, చదివాక వచ్చిన కోపమూ ఈ పోస్టు రాయించాయి.

ముందుగా, ఈ పానీయాల్లో నిద్ర రాకుండా చేసే కెఫీన్ ఎంతో చెప్పే అంకె ఎక్కడ ఉంటుందో చూడండి. చక్కెర, క్యాలరీలు ఉండే పోషక విలువల పట్టికలోనే అదీ ఉంటుందని అందరూ అనుకుంటారు, మా వదిన కూడా అక్కడే వెతికింది. ఆమె పంపిన సీసా మీద అది పట్టికలో లేదు. ముడిపదార్థాల జాబితా ముగిసిన చోట, ఆమ్లత్వ నియంత్రకాలు, రంగుల కోడ్ సంఖ్యలు దాటాక, సీసా వంపులో సగం దాగిన వరుసలో “కెఫీన్ 29 మి.గ్రా./100 మి.లీ.” అన్న అర్థం వచ్చే ఇంగ్లీషు మాట ఉంది. ఇరవై తొమ్మిది అనగానే వదిన కొంత ఊపిరి పీల్చుకుంది. కప్పు టీలో ఉన్నంత కూడా లేదు కదా అనుకుంది. కానీ ఆ ఇరవై తొమ్మిది సీసా మొత్తానికి కాదు, 100 మిల్లీలీటర్లకు మాత్రమే. సీసా 250 కాబట్టి రెండున్నరతో గుణించాలి, అప్పుడు సుమారు 73 మిల్లీగ్రాములు వస్తుంది. డబ్బా మీద 100 మిల్లీలీటర్లకు 30 అని ఉంది, అది 350 మిల్లీలీటర్ల డబ్బా గనుక 105 మిల్లీగ్రాములు. రెండు అంకెలకూ మధ్య తేడా ఒక్కటే అనిపిస్తుంది, తాగేసరికి తేడా ముప్పై రెండు.

ఈ 29, 30 అనే అంకెలు యాదృచ్ఛికంగా వచ్చినవి కావు. మన దేశంలో ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ నిబంధనల ప్రకారం కెఫీన్ పానీయం అన్న తరగతిలో లీటరుకు 145 మిల్లీగ్రాములకు తగ్గకుండా, 300కు మించకుండా కెఫీన్ ఉండాలి. లీటరుకు 300 అంటే 100 మిల్లీలీటర్లకు 30. అంటే మా వదిన చేతిలో ఉన్న రెండు పానీయాలూ చట్టం గీసిన గీతకు ఆనుకొని తయారైనవే. చట్టాన్ని ఎవరూ అతిక్రమించలేదు, అంకె అబద్ధం అని కూడా నేను అనడం లేదు. తాగేవాడు సీసా లెక్కన తాగుతాడని తెలిసి కూడా, సీసాకు ఎంతో చెప్పకుండా వందకు ఎంతో చెప్పి, గుణకారం తల్లిదండ్రులకు వదిలేయడం మీదే నా అభ్యంతరం.

ఇక హెచ్చరిక సంగతి. హై కెఫీన్ అని, పిల్లలకు, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు, కెఫీన్ పడనివారికి సిఫారసు చేయబడదని, రోజుకు 500 మిల్లీలీటర్లకు మించి తాగవద్దని రాసి ఉంది. ఇదంతా ఇంగ్లీషులో ఉంది. లేబుల్ మీద తప్పనిసరి వివరాలు ఇంగ్లీషులో గానీ, దేవనాగరి లిపిలో హిందీలో గానీ ఉంటే చాలని మన నిబంధన, మరో భాషలో అదనంగా రాయడం కంపెనీ ఇష్టం. పదో తరగతి దాకా తెలుగు మాధ్యమంలో చదివిన మా వదిన, తన కొడుకు తాగే సీసా మీది హెచ్చరికను నా చేత చదివించుకోవలసి రావడానికి కారణం ఇదే. ఆ సీసా ప్రకటనలు మాత్రం మన టీవీలో చక్కని తెలుగులో వస్తాయి.

భాష సంగతి అలా ఉంచితే, ఆ వాక్యంలో “పిల్లలు” అన్న మాటకు వయసు లేదు. మా మేనల్లుడికి పదహారేళ్లు. మీసం వస్తోంది, వాడు తనను పిల్లవాడు అనుకోడు, కొట్టువాడు కూడా అనుకోడు. కొనేటప్పుడు వయసు అడగవలసిన అవసరం కొట్టువాడికి కనిపించదు, ఎందుకంటే అక్కడ అడగడానికి ఒక అంకె లేదు. పోలండ్‌లో 2024 జనవరి నుంచి పద్దెనిమిదేళ్లలోపు వారికి ఈ పానీయాలు అమ్మడమే నిషేధం. బ్రిటన్‌లో పెద్ద సూపర్‌మార్కెట్లు 2018 నుంచి పదహారేళ్లలోపు వారికి అమ్మడం తమంతట తామే మానుకున్నాయి. గీత పదహారు దగ్గర గీయాలా, పద్దెనిమిది దగ్గరా అన్న చర్చ జరగవచ్చు, కానీ గీత అంటూ ఉండాలి కదా. నన్ను అడిగితే, ఇంట్లో చదివేటప్పుడు “పిల్లలు” అన్నచోట పద్దెనిమిది నిండనివారు అనే చదువుకోండి. అమెరికాలోని పిల్లల వైద్యుల సంఘం 2011లోనే పిల్లల ఆహారంలో గానీ, కౌమారంలో ఉన్నవారి ఆహారంలో గానీ ఎనర్జీ డ్రింకులకు చోటే లేదని స్పష్టంగా చెప్పింది.

మర్నాడు నేను మేనల్లుడితో ఫోన్‌లో మాట్లాడాను. తిట్టలేదు, ఎప్పుడు, ఎన్ని తాగుతున్నావో మాత్రం చెప్పమన్నాను. వాడు దాచకుండా చెప్పాడు. వారాంతపు పరీక్షల ముందు రాత్రి ఏడు గంటలకు ఒక సీసా, రాత్రి పది గంటల స్టడీ అవర్‌కు ఇంకొకటి. “అత్తా, సీసా మీద రోజుకు 500 అని రాశారు, నేను ఒక్క చుక్క కూడా ఎక్కువ తాగలేదు” అన్నాడు. వాడు నిజమే చెప్పాడు. రెండు 250లు కలిస్తే సరిగ్గా 500. పిల్లలకు తగదన్న వాక్యమూ, 500 అన్న వాక్యమూ పక్కపక్కనే ఉంటే, పదహారేళ్లవాడు తనకు వీలైన రెండో వాక్యాన్నే తీసుకున్నాడు. వాడిని నేను తప్పుపట్టలేకపోయాను.

అప్పుడు వాడికీ, వదినకూ కలిపి ఒక లెక్క చేసి చూపించాను. వాడి బరువు 44 కిలోలు. ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2015లో ఇచ్చిన నివేదిక ప్రకారం, పిల్లలు, కౌమారదశలో ఉన్నవారు రోజంతటికీ కిలో బరువుకు 3 మిల్లీగ్రాముల కెఫీన్ వరకు తీసుకుంటే ఆందోళన పడనక్కరలేదు. కెనడా ఆరోగ్య శాఖ ఇంకొంచెం జాగ్రత్తగా రెండున్నర అంటుంది. మూడు లెక్కనే చూసినా 44 కిలోలకు 132, రెండున్నర లెక్కన 110. వాడి రెండు సీసాల్లో ఉన్నది 145. అంటే సీసా మీది 500 అనే హద్దును అక్షరాలా పాటించిన పిల్లవాడు తన బరువుకు తగిన హద్దును దాటేశాడు. ఆ 500 పెద్దవాళ్లకు ఉద్దేశించినది, దాన్ని వాడి ఒంటికి కొలిచి ఎవరూ రాయలేదు.

అదీ సీసాల వరకే. కెఫీన్ ఎక్కడి నుంచి వచ్చినా ఒంట్లో ఒకే ఖాతాలో పడుతుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో భారత వైద్య పరిశోధన మండలితో కలిసి ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో 150 మిల్లీలీటర్ల కప్పు టీలో 30 నుంచి 65, ఇన్‌స్టంట్ కాఫీలో 50 నుంచి 65, డికాక్షన్ కాఫీలో 80 నుంచి 120 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుందని చెప్పారు. మావాడు హాస్టల్‌లో పొద్దున టీ, సాయంత్రం కాఫీ తాగుతాడు. రెండింటికీ తక్కువ అంకెలే వేసుకున్నా 80. అన్నీ కలిస్తే ఆ రోజుకు 225. వాడి హద్దు 132. ఈ రెండు అంకెలు కాగితం మీద పక్కపక్కన రాసి చూపించేదాకా వదినకు గానీ, వాడికి గానీ సంగతి తలకెక్కలేదు, నేను మాత్రం ఏం తక్కువ, లెక్క వేసేదాకా ఇంత ఉంటుందని అనుకోలేదు.

వాడి అసలు బాధ నిద్ర. చదువు అయ్యాక కూడా మూడింటిదాకా కళ్లు మూతపడటం లేదని, గుండె దడదడమంటోందని, పొద్దున తరగతిలో తూలిపోతున్నానని, అందుకే మళ్లీ సీసా కొంటున్నానని చెప్పాడు. పెద్దవాళ్లలో కెఫీన్ సగానికి తగ్గడానికి దాదాపు ఐదు గంటలు పడుతుంది, మనిషిని బట్టి ఇంకా ఎక్కువా పట్టవచ్చు. ఆ లెక్కన రాత్రి పదింటికి తాగిన సీసాలో సగం తెల్లవారుజామున మూడింటికి ఒంట్లో ఇంకా పనిచేస్తూనే ఉంటుంది. పొద్దున వచ్చే మత్తు చదువు వల్ల వచ్చిన అలసట అని వాడు అనుకుంటున్నాడు, నిజానికి అది రాత్రి తాగిన సీసాకు కట్టిన మూల్యం. ఇలాంటి మందగింపు, చేతుల వణుకు, చిరాకు, ఆగి ఆగి వచ్చే దడ కనబడితే మోతాదు ఎక్కువైందని అనుమానించాలి. ఛాతీలో నొప్పి వచ్చినా, కళ్లు తిరిగి పడిపోయినా, దడ తగ్గకుండా కొనసాగినా, లేదా ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో గుండె జబ్బు వచ్చి ఉన్నా మాత్రం లెక్కలు వేస్తూ కూర్చోకుండా వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి.

ఇంకొక మాట, ఇది తల్లిదండ్రులు తరచుగా పొరబడే చోటు. రోజూ తాగే అలవాటున్న పిల్లవాడికి ఒక్కసారిగా ఆపేస్తే మర్నాడు తలనొప్పి, చికాకు, నిద్రమత్తు వస్తాయి, అవి కొన్ని రోజులు ఉండవచ్చు. పరీక్ష ముందు రోజే ఆపించి, పిల్లవాడు తల పట్టుకుని కూర్చుంటే, చూశావా తాగకపోతేనే వీడికి బాగాలేదు అనుకుని మళ్లీ డబ్బులిచ్చినవాళ్లను నేను చూశాను. మావాడి విషయంలో మొదటి వారం రాత్రి పది గంటల సీసా ఆపాము, రెండో వారం ఏడు గంటలది. టీ, కాఫీ ఉంచాము. సాయంత్రం ఐదు దాటాక కాఫీ కూడా వద్దని వాడే అన్నాడు.

సీసాల మీద నేను కోరేది మూడు మార్పులే, వీటికి కొత్త పరిశోధన ఏమీ అవసరం లేదు. వందకు ఎంతో రాసినచోటే సీసా మొత్తానికి ఎంతో రాయాలి. “పిల్లలు” అన్నచోట వయసు అంకెలో రాయాలి. తెలుగు నేల మీద అమ్మే సీసా మీద ఆ రెండు వరుసలు తెలుగులో, మూతకు దగ్గరగా, కనబడే అక్షరాల్లో ఉండాలి.

నిన్న వదిన ఇంకొక ఫొటో పంపింది. హాస్టల్ ఎదురుగా ఉన్న కొట్లో కొత్తగా వచ్చిన పెద్ద సీసా అది. కింద ఇలా రాసింది: “వదినా, దీని పట్టికలో ఒక సర్వింగ్ 250 అని ఉంది, సీసా మాత్రం 500. వందకు 29. అంటే మొత్తం తాగితే 145 కదా?” అవునని రాశాను.