సంత ముగిశాక పలికే ధర

2024 ఫిబ్రవరి 13న అమెరికాలో ట్యాక్సీ యాప్ కంపెనీ లిఫ్ట్ షేరు 12.13 డాలర్ల దగ్గర ముగిసింది. సాయంత్రం నాలుగింటికి రెగ్యులర్ మార్కెట్ మూతపడ్డ కొద్ది నిమిషాలకే కంపెనీ తన ఫలితాలు విడుదల చేసింది. ఆ ప్రకటనలో లాభాల మార్జిన్ ఆ ఏడాది 500 బేసిస్ పాయింట్లు, అంటే 5 శాతం పాయింట్లు పెరుగుతుందని ఉంది. షేరు ఒక్కసారిగా 60 శాతానికి పైగా ఎగిరి 19 డాలర్లు దాటింది. కాసేపటికి ఇన్వెస్టర్లతో జరిగిన కాల్‌లో కంపెనీ ఫైనాన్స్ అధికారి అసలు సంగతి చెప్పారు. పెరిగేది 500 కాదు, 50. ఒక సున్నా ఎక్కువ పడింది! షేరు దిగొచ్చింది. ఫలితాలు నిజంగానే బాగుండటంతో మర్నాడు 35 శాతం లాభంతో, 16.40 డాలర్ల దగ్గర ముగిసింది. కానీ ముందు రోజు సాయంత్రం 19కి కొన్నవాళ్లకు మాత్రం, షేరు అంత పెరిగిన రోజున కూడా, నష్టమే మిగిలింది.

ఇది అచ్చుతప్పు వల్ల జరిగిందని కొట్టిపారేయడం తేలిక. నన్ను ఆలోచింపజేసింది తప్పు కాదు, ఆ తప్పుకు ధర అంత దూరం పరుగెత్తడం. పగటిపూట అయితే షేరు ధర కొన్ని నిమిషాల్లో పరిమితి దాటి కదిలితే ట్రేడింగ్‌ను ఆపే ఏర్పాటు అమెరికాలో ఉంది. అది ఉదయం 9:30 నుంచి సాయంత్రం 4 వరకే పనిచేస్తుంది. తెల్లవారుజామున 4 గంటలకు మొదలయ్యే ప్రీ-మార్కెట్‌లో గానీ, రాత్రి 8 వరకు సాగే ఆఫ్టర్-అవర్స్‌లో గానీ ఆ కాపలా ఉండదు. కొనుగోలు, అమ్మకం ధరలు రెండూ ఎప్పుడూ చూపించి తీరాలని, కొనడానికీ అమ్మడానికీ సిద్ధంగా కూర్చునే మార్కెట్ మేకర్ల మీద ఉండే నిబంధన కూడా రెగ్యులర్ వేళలకే. సంత ముగిసి అందరూ వెళ్లిపోయాక ఇద్దరు ముగ్గురు మిగిలి బేరమాడుకుంటే ఎలా ఉంటుందో, ఈ ధర అలాంటిది.

ఈ వేళల్లో స్ప్రెడ్, అంటే కొనే ధరకూ అమ్మే ధరకూ మధ్య తేడా, ఎందుకు పెరుగుతుందంటే ‘వాల్యూమ్ తక్కువ కాబట్టి’ అని అందరూ చెబుతారు. అది సగం జవాబే. మిగతా సగం తెలియాలంటే అమ్మేవాడి కుర్చీలో కూర్చోవాలి. ఒక షేరు విలువ 100 డాలర్లు అనుకుందాం. నేను మార్కెట్ మేకర్‌ని. నా దగ్గర కొనడానికి వచ్చేవాళ్లలో చాలామందికి ప్రత్యేక సమాచారమేమీ ఉండదు. డబ్బు చేతికొచ్చింది, కొంటారు. కానీ ఎవరో ఒకరికి షేరు 105కి వెళ్తుందని నాకంటే ముందే తెలుసు. అతనికి అమ్మితే నాకు నష్టం. అతనెవరో ముఖం చూసి కనిపెట్టలేను. కాబట్టి ఆ నష్టాన్ని అందరి మీదా పంచి, 100 మీద కొంచెం కలిపి చెబుతాను.

ఎంత కలపాలి? పగలు వెయ్యిమందిలో ఒక్కడే తెలిసినవాడైతే, మిగతా 999 మంది దగ్గర అర సెంటు చొప్పున ఎక్కువ తీసుకుంటే చాలు, లెక్క సరిపోతుంది. ఫలితాలు వచ్చిన సాయంత్రం పదిమందిలో ఒకడు ఆ ప్రకటన నాకంటే వేగంగా చదివినవాడే. అప్పుడు 50 సెంట్లు కలపాలి. తొమ్మిది మంది దగ్గర వచ్చే నాలుగున్నర డాలర్లు, పదోవాడి దగ్గర పోయే నాలుగున్నరకు సరిపోతాయి. నాకు పైసా లాభం లేదు, దురాశా లేదు. అయినా కొనే ధర 100.50, అమ్మే ధర 99.50 అయ్యాయి. పగలు ఒక సెంటు ఉన్న స్ప్రెడ్ రాత్రికి డాలర్ అయింది. వంద షేర్లు కొని వెంటనే అమ్మితే పగలు డాలర్ పోతుంది, రాత్రి వంద డాలర్లు పోతాయి. దీనికి తోడు, సాయంత్రం నాలుగు తర్వాత కంపెనీ షేర్ల ఆప్షన్లు, అంటే ముందే అనుకున్న ధరకు షేరు కొనే లేదా అమ్మే హక్కులు, ట్రేడ్ కావు. చేతిలో పడ్డ షేర్ల మీద నష్టం రాకుండా హెడ్జ్ చేసుకునే దారి మూసుకుపోతుంది కాబట్టి మార్కెట్ మేకర్ ఇంకొంచెం కలుపుతాడు. ఈ వేళల్లో బ్రోకర్లు సాధారణంగా ధర ముందే చెప్పే లిమిట్ ఆర్డర్లే తీసుకోవడానికి కారణం ఇదే. దొరికిన ధరకే కానిచ్చే మార్కెట్ ఆర్డర్ అయితే ఎక్కడ తేలుతుందో ఎవరూ చెప్పలేరు.

‘నేను రాత్రిపూట కొనను, అమ్మను, నాకెందుకు టెన్షన్’ అనుకునేవాళ్లకు అసలు కష్టం వేరే ఉంది. పొజిషన్ పెట్టుకుని నిద్రపోతే చాలు, ఆ రాత్రి ధర పొద్దున మనదవుతుంది. 2022 ఫిబ్రవరి 2న మెటా షేరు 323 డాలర్ల దగ్గర ముగిసింది. ఆ సాయంత్రం ఫలితాలు నిరాశపరిచాయి. మర్నాడు షేరు 244 దగ్గర తెరుచుకుని, 26 శాతం నష్టంతో ముగిసింది. 310 దగ్గర స్టాప్ లాస్ పెట్టుకున్న మనిషిని ఊహించండి. తన నష్టం 13 డాలర్లకు మించదని అతని నమ్మకం. కానీ స్టాప్ ఆర్డర్లు సాధారణంగా రెగ్యులర్ వేళల్లోనే పనిచేస్తాయి. పైగా స్టాప్ అంటే ఆ ధరకు అమ్ముతామన్న హామీ కాదు. ఆ ధర దాటితే మార్కెట్ ఆర్డర్‌గా మారుతుంది, అంతే. 310 దగ్గర ఒక్క ట్రేడూ లేకుండానే మార్కెట్ 244 దగ్గర తెరుచుకుంటే అతనికి దొరికేది 244 దగ్గరి ధరే. నష్టం 13 కాదు, 79. ఇంతకంటే తక్కువకు అమ్మొద్దని చెప్పే స్టాప్ లిమిట్ పెట్టి ఉంటే అసలు అమ్ముడే పోదు, షేర్లు చేతిలోనే మిగులుతాయి.

అమెరికాలో పనిచేస్తూ జీతంతో పాటు కంపెనీ షేర్లు అందుకునే మనవాళ్లకు ఈ లెక్క మరీ దగ్గరిది, వాళ్ల పొదుపులో పెద్ద భాగం ఒకే షేరులో ఉంటుంది కాబట్టి. ఫలితాలకు ముందు ఎంత కదలికకు సిద్ధపడాలో తెలుసుకోవడానికి ఆప్షన్ల ధరలే మంచి ఆధారం. వంద డాలర్ల షేరుకు ఆ వారమే ముగిసే 100 కాల్, 100 పుట్, అంటే 100కి కొనే హక్కు, 100కి అమ్మే హక్కు, రెండూ కలిపి 9 డాలర్లు పలుకుతుంటే, అటో ఇటో సుమారు 9 శాతం కదలికను మార్కెట్ ఊహిస్తున్నట్టు. అది గరిష్ఠం కాదని గుర్తుంచుకుని, దానికి రెట్టింపు పోయినా తట్టుకోగలమా అని లెక్క వేసుకోవాలి. తట్టుకోలేకపోతే షేర్ల సంఖ్య తగ్గించాలి, అదీ నాలుగు గంటలలోపు, స్ప్రెడ్ ఒక సెంటు ఉన్నప్పుడే.

ఇప్పుడు అమెరికాలో ట్రేడింగ్ వేళలను రోజుకు 23 గంటలదాకా పొడిగించే ప్రయత్నాలు జరుగుతున్నాయి. మన దగ్గర ఎన్ఎస్ఈ సాయంత్రం డెరివేటివ్స్ సెషన్ అడిగితే 2024లో సెబీ ఒప్పుకోలేదు. ఆ నిర్ణయం సరైనదని నా అభిప్రాయం. వేళలు పెంచితే కొనేవాళ్లు, అమ్మేవాళ్లు పెరగరు. ఉన్నవాళ్లే ఎక్కువ గంటల మీద పలచగా పరుచుకుంటారు. 2010 నుంచి మన ఎక్స్ఛేంజీలు ఉదయం తొమ్మిదింటికి చేస్తున్నది దీనికి సరిగ్గా వ్యతిరేకం. ప్రీ-ఓపెన్ సెషన్‌లో సుమారు 8 నిమిషాలు ఆర్డర్లన్నీ పోగుచేసి, ఎక్కువ షేర్లు చేతులు మారే ఒకే ఒక్క ధరను తేల్చి, ఆ ధరకే అందరికీ ఇస్తారు. రాత్రి వచ్చిన వార్త వల్ల ధరలో పడే గ్యాప్ ఎలాగూ పడుతుంది. కానీ ఆ వేలంలో పది షేర్లు అమ్మే మనిషికీ, పది లక్షలు అమ్మే ఫండ్‌కీ దొరికేది ఒకే ధర, స్ప్రెడ్ అనేదే ఉండదు.