ఆబిడ్స్‌లో కొన్న బొమ్మల పుస్తకం

"బధిరులతో మాట్లాడటం పెద్ద కష్టమేం కాదు. సైన్ లాంగ్వేజ్ ప్రపంచమంతా ఒక్కటే. బొమ్మలున్న పుస్తకం ఏదో ఒకటి కొని రోజుకు 10 సైగలు నేర్చుకోండి, నెలలో వచ్చేస్తుంది. అంత తీరిక లేదా? నోరు బాగా తెరిచి మెల్లగా మాట్లాడండి, పెదాలు చూసి అర్థం చేసుకుంటారు. లేదంటే కాగితం మీద రాసి చూపించండి. అందరికీ షేర్ చేయండి."

ఈ మెసేజ్ మా కాలనీ గ్రూపులో ఒకసారి, చుట్టాల గ్రూపులో రెండుసార్లు వచ్చింది. రెండేళ్ల కిందట నేనూ ఇలాగే నమ్మాను. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద అమెరికా నుంచి వచ్చిన పాత సైన్ లాంగ్వేజ్ పుస్తకం ఒకటి దొరికితే కొన్నాను. మా అక్క కూతురు పుట్టుకతో బధిర. వారం రోజులు అద్దం ముందు నిలబడి ఏ నుంచి జెడ్ వరకూ ఒంటి చేత్తో నేర్చుకుని, వెళ్లి తన పేరు అక్షరం అక్షరం చూపించాను. కాసేపు జాలిగా చూసింది. తర్వాత ఫోన్‌లో టైప్ చేసి చూపించింది: "మావయ్యా, ఇది అమెరికాది."

మనదేశంలో వాడే అక్షరాలకు ఎక్కువగా రెండు చేతులూ కావాలి. ఎడమచేతి అయిదు వేళ్ల కొసలు అయిదు అచ్చులు: బొటనవేలు ఏ, చూపుడువేలు ఈ, మధ్యవేలు ఐ, ఉంగరపు వేలు ఓ, చిటికెనవేలు యూ. కుడిచేతి వేలితో వాటిని తాకుతారు. ఈ పద్ధతికి బ్రిటన్ అక్షరాలతో చుట్టరికం ఉంది. అమెరికా వాళ్లది వేరే దారి. 1817లో హార్ట్‌ఫర్డ్‌లో మొదలైన బధిరుల బడిలో పాఠం చెప్పడానికి పారిస్ నుంచి లారెంట్ క్లెర్క్ అనే బధిర ఉపాధ్యాయుడు వెళ్లాడు. అందుకే అమెరికా సంజ్ఞాభాష ఫ్రెంచి సంజ్ఞాభాషకు దగ్గర. లండన్ వాళ్లూ న్యూయార్క్ వాళ్లూ ఒకే ఇంగ్లిష్ మాట్లాడినా, ఆ రెండు ఊళ్ల బధిరులు ఎదురుపడితే ఒకరి భాష ఒకరికి అర్థం కాదు. చుట్టుపక్కల మాట్లాడే భాషకూ సంజ్ఞాభాషకూ ఉన్న సంబంధం అంతే. మన దేశంలోనూ వ్యాకరణం చాలావరకు ఒకటే అయినా, కొన్ని మాటలకు ఢిల్లీలో ఒక సైగ, బెంగళూరులో ఇంకోటి.

కాబట్టి పుస్తకం అట్ట మీద ముందు చూడాల్సింది ఏ దేశపు సంజ్ఞాభాష అన్నది. ఇండియన్ సైన్ లాంగ్వేజ్ అని లేకపోతే, ఎంత చవకగా వచ్చినా పక్కన పెట్టేయండి.

సరే, మనదే దొరికిందనుకుందాం. నెల రోజుల లెక్క అప్పుడూ తప్పుతుంది. 'ఇవ్వు' అనే ఒక్క సైగ తీసుకోండి. చెయ్యి నా దగ్గర మొదలై మీ వైపు వస్తే 'నేను నీకు ఇస్తాను'. మీ దగ్గర మొదలై నా వైపు వస్తే 'నువ్వు నాకు ఇవ్వు'. చేతి ఆకారం అదే, అర్థం తలకిందులు. పుస్తకంలో ఒక చెయ్యి, ఒక బాణం గుర్తు ఉంటాయి. దాన్ని బట్టీపట్టిన నేను మా మేనకోడలిని చార్జర్ అడగబోయి, చార్జర్ ఇస్తానన్నాను. అది నా చేతివైపు చూసి, ఎక్కడుందని అడిగింది.

ముఖం సంగతి ఇంకా ముఖ్యం. 'నువ్వు తిన్నావు' అన్నా, 'నువ్వు తిన్నావా' అన్నా సైగల వరస ఒకటే. కనుబొమలు పైకెత్తి తల కాస్త ముందుకు వంచితేనే అది ప్రశ్న. తెలుగులో చివర వచ్చే 'ఆ' ఇక్కడ కనుబొమల్లో ఉందన్నమాట. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు లాంటి మాటలు వాక్యం చివరకు వస్తాయి. 'లేదు', 'కాదు' కూడా అంతే. ఇది మన తెలుగు నోటికి ఇంగ్లిష్ కంటే దగ్గరగా ఉంటుంది, ఆ మేరకు మనకు లాభమే. కానీ వరసగా మాటలు మాత్రమే ఇచ్చిన పుస్తకంలో ఈ సంగతే కనిపించదు. పుస్తకం మంచిదో కాదో తేల్చుకోవాలంటే ప్రశ్నలు, నిరాకరణ, ముఖకవళికల మీద పాఠాలున్నాయో లేదో విషయసూచికలో వెతకండి.

కదలిక కోసం పుస్తకం పక్కన వీడియో తప్పదు. ఢిల్లీలోని ఇండియన్ సైన్ లాంగ్వేజ్ రీసెర్చ్ అండ్ ట్రైనింగ్ సెంటర్ నిఘంటువు 2018లో 3,000 మాటలతో మొదలై 2021కి 10,000కు చేరింది. అన్నీ వీడియోలే, డబ్బు కట్టక్కర్లేదు. యూట్యూబ్‌లో ISLRTC అని కొడితే వస్తాయి.

పెదాల సంగతికొస్తే, అద్దం ముందు గొంతు తీయకుండా పాట, బాట, మాట అనండి. మూడుసార్లూ పెదాలు ఒకేలా కదులుతాయి. క, గ అయితే లోపలెక్కడో పుడతాయి, బయటికి కనిపించేదేమీ ఉండదు. పెదాలు చదవడమంటే సగం ఊహ. మాట్లాడే విషయం ముందే తెలిస్తే ఊహ కుదురుతుంది. మధ్యలో విషయం మారిందా, తెగిపోతుంది. నోరు బాగా తెరిస్తే మామూలు ఆకారం కూడా చెడిపోయి ఇంకా కష్టం. నా మీసం వల్ల నేను చెప్పేది ఒక్క ముక్క కూడా తెలియదని మా మేనకోడలి ఫిర్యాదు. అక్క మాటలు మాత్రం బాగానే పట్టుకుంటుంది, ఎందుకంటే అక్క రోజూ అవే నాలుగు మాటలు అంటుంది.

రాసి చూపించడం వీటన్నిటికంటే మేలు. కానీ దానికీ ఒక హద్దుంది. పుట్టుకతో వినపడని పిల్లలకు తెలుగు చెవిన పడి వచ్చిన భాష కాదు, బడిలో కష్టపడి నేర్చిన రెండో భాష. విభక్తుల దగ్గరే తడబాటు. మా మేనకోడలు ఆరో తరగతిలో ఉండగా అక్క దానికి ఒక చీటీ రాసింది: "అమ్మమ్మనడిగి నాన్నకి విటమిన్ టాబ్లెట్ ఇవ్వు." టాబ్లెట్ అమ్మమ్మకి వెళ్లింది. మర్నాడు అదే సంగతి రెండుగా విడగొట్టి, "టాబ్లెట్ నాన్నకి. ముందు అమ్మమ్మని అడుగు" అని రాస్తే సరిపోయింది. ఇది తెలివితక్కువతనం కానేకాదు, బడుల్లో నేర్పిన తీరుకూ ఇందులో వాటా ఉంది. 1880లో మిలాన్‌లో జరిగిన బధిర విద్యా మహాసభ బడుల్లో సంజ్ఞాభాష వద్దు, నోటి మాటే నేర్పాలని తీర్మానించింది. దాని నీడ చాలా దేశాల బడుల మీద చాలాకాలం ఉండిపోయింది. 2010లో వాంకూవర్ మహాసభలో గానీ దానికి విచారం ప్రకటించలేదు.

ఇక అసలు ఏ పుస్తకం చదవాలి? సైగలు నేర్పనివి చదవమంటాను నేను. అమెరికాకు చెందిన బధిర రచయితలు కారొల్ ప్యాడెన్, టామ్ హంఫ్రీస్ 1988లో రాసిన 'డెఫ్ ఇన్ అమెరికా'లో సైగల పాఠాలు లేవు, బధిరుల లోకం లోపలి నుంచి ఎలా ఉంటుందో ఉంది. అక్కడి సైగలు మనకు పనికిరావు గానీ ఆ చూపు పనికొస్తుంది. మన దగ్గరి జీవితం కావాలంటే మదన్ వశిష్ఠ ఆత్మకథ 'డెఫ్ ఇన్ ఢిల్లీ'. పదకొండేళ్లకు వినికిడి పోయిన పల్లెటూరి కుర్రాడు ఢిల్లీ చేరి, అక్కడి నుంచి అమెరికాలోని బధిరుల విశ్వవిద్యాలయం గాలడెట్‌కు చదువుకోవడానికి వెళ్లడం దాని కథ. మన సంజ్ఞాభాష మీద తొలి పుస్తకాలు రాసినవాళ్లలో ఆయనా ఒకరు. రెండూ ఇంగ్లిష్‌లోనే ఉన్నాయి.

ఈ రకం చదువు వల్ల, మెసేజ్‌లో ఊసే లేని సంగతులు తెలుస్తాయి. పిలవాలంటే భుజం తట్టాలి, లేదా లైటు ఒకసారి ఆర్పి మళ్లీ వెలిగించాలి. ఇద్దరు సైగలతో మాట్లాడుకుంటుంటే మధ్యలోంచి చకచకా నడిచి వెళ్లిపోవచ్చు, ఆగి సారీలు చెబితేనే వాళ్ల మాట తెగుతుంది. 'చెవిటి మూగ' అన్న జంటమాట చాలామందికి నచ్చదు.

ఇంకోటి, సైగల్లో మనల్ని పిలిచే సైగ పేరు మనకు మనం పెట్టుకునేది కాదు, బధిరులు ఇవ్వాలి. నేను మీసం మెలేసినట్టు ఉండాలని ఆశపడ్డాను. మా మేనకోడలు, దాని స్నేహితురాలు కాసేపు నన్ను గమనించి, చూపుడువేలితో ముక్కు మీద కళ్లజోడు పైకి తోసుకునే సైగ ఖాయం చేశారు.