సర్లే అంటే ఓకే అనుకున్నాడు, అండి అంటే మర్యాద అనుకున్నాడు

డేటింగ్ యాప్‌లో మ్యాచ్ అయ్యి వాట్సాప్‌కి మారాక మనవాళ్లు చాలామంది కొట్టేది ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగే. ఇద్దరూ తెలుగువాళ్లయితే దాంతో పెద్ద గొడవ ఉండదు, స్పెల్లింగ్‌లో లేనిది చదివేవాళ్లే చెవిలో నింపేసుకుంటారు. అదే అవతలి మనిషి నాగ్‌పూర్ నుంచో లక్నో నుంచో వచ్చి మాదాపూర్‌లో జాబ్ చేస్తూ, ఆఫీస్‌లో పక్క సీటువాళ్ల దగ్గర నాలుగు ముక్కలు నేర్చుకుని, మిగతాది ట్రాన్స్‌లేట్ యాప్‌లో పేస్ట్ చేసి చూసుకునే టైప్ అయితే అప్పుడు మొదలవుతుంది అసలు కథ.

ఇలా అనుకుందాం. అమ్మాయిది రాజమండ్రి, అబ్బాయిది నాగ్‌పూర్, కలిసి రెండు మూడు నెలలు. శనివారం సాయంత్రం కలుద్దాం అనుకున్నారు, చివరి నిమిషంలో అతను ఆఫీస్ కాల్ వచ్చింది, ఆదివారం పెట్టుకుందామా అని మెసేజ్ పెట్టాడు. ఆమె `sarle` అంది. అతనికి `sare` తెలుసు, ఇది కూడా అదే అనుకుని థంబ్సప్ పెట్టాడు. ఆమె `meeru busy kada andi` అని పెట్టింది. ఇతను అండి అంటే రెస్పెక్ట్ అని నేర్చుకున్నాడు కాబట్టి, అర్థం చేసుకున్నందుకు థ్యాంక్స్ అన్నాడు, నిజంగానే! తర్వాత `nee istam inka`. యాప్‌లో చూస్తే నీ ఇష్టం అన్నట్టే వచ్చింది, సరే టైం మనమే డిసైడ్ చేయాలన్నమాట అనుకుని ఐదింటికి అని పెట్టాడు. చివరికి ఆమె `po` అంది. వెళ్లమంటోంది కదా అని పాపం గుడ్ నైట్ చెప్పి వెళ్లిపోయాడు.

ఇందులో అతనికి తెలియని మాట ఒక్కటీ లేదు, యాప్ కూడా పెద్దగా తప్పు చెప్పలేదు, మరి ఎక్కడ పోయింది అంటే తోక దగ్గర పోయింది. మన వాక్యంలో కోపం, చనువు, బతిమాలడం అన్నీ చివర్లో వేలాడే ఆ లే, రా, అండి, కదా దగ్గరే ఉంటాయి, ముందున్నది సమాచారం మాత్రమే. మాట్లాడేటప్పుడు సర్లే అన్నది నవ్వుతూ అన్నారా పళ్లు బిగించి అన్నారా గొంతే చెప్పేస్తుంది, చాట్‌లో రెండూ అవే ఐదు అక్షరాలు.

అండి అయితే ఇంకా ప్రమాదం. నువ్వు అని పిలిచే మనిషి ఉన్నట్టుండి మీరు అన్నారంటే గౌరవం పెరిగిందని కాదు, దూరం పెట్టారని. ఇది మనకి ఎవరూ నేర్పలేదు, ఇళ్లల్లో అమ్మానాన్నలు పోట్లాడుకుంటే విని వచ్చింది, బయట నుంచి వచ్చినవాళ్లకి ఏ యాప్ చెప్తుంది ఈ సంగతి? రా దగ్గర దీనికి రివర్స్‌లో జరుగుతుంది. హాస్టల్ ఫ్రెండ్స్ దగ్గర తెలుగు నేర్చుకున్న అబ్బాయి మొదటి రోజే `em chestunnav ra` అంటాడు, అవతల అమ్మాయికి ఒళ్లు మండుతుంది, అదే రా మూడో నెలలో ఆమె నోటి నుంచే వస్తే ముద్దు. మాట అదే, ఎవరు ఎవరితో ఎప్పుడు అన్నారన్నదే తేడా. అండి వాడకం కూడా ఊరిని బట్టి మారుతుంది, గోదావరి జిల్లాల్లో ప్రతి వాక్యానికీ తగిలిస్తారు, తెలంగాణలో చాలామంది అంత వాడరు, అంతమాత్రాన పొగరు కాదు. కాబట్టి ఒక్క అండి చూసి కంగారు పడక్కర్లేదు, నిన్నటిదాకా లేనిది ఇవాళ వచ్చిందా అన్నది చూసుకోవాలి.

తోకతో పాటు స్పెల్లింగ్ ఇంకో తలనొప్పి. నిజానికి ఈ సమస్యకి 1990లలోనే మందు కనిపెట్టారు, ఇంటర్నెట్‌లో తెలుగు ఫాంట్లు సరిగ్గా లేని రోజుల్లో అమెరికాలోని రైస్ యూనివర్సిటీలో RTS అని ఒక పద్ధతి తయారైంది, దీర్ఘానికీ ట, డ, ణ, ళలకీ పెద్దబడి అక్షరాలు వాడేవాళ్లు, అందులో వాడు అనాలంటే `vADu`, వద్దు అనాలంటే `vaddu`, కన్ఫ్యూజన్ లేదు. ఇప్పుడు చాట్‌లో అలా పెద్దబడిలో కొడితే అరుస్తున్నారనుకుంటారు. అందుకే అందరం చిన్నబడిలో చెవికి తోచినట్టు కొట్టేస్తాం, హడావుడిలో వద్దు కూడా `vadu` అయిపోతుంది, ఆ కేఫ్ వద్దు అంటే ఆ కేఫ్‌లో వాడెవడు అని చదువుకునేవాళ్లుంటారు. డేటింగ్‌లో లేని మూడో మనిషిని ఇలా తెచ్చిపెట్టుకోవడం మంచిది కాదు.

అన్నిటికంటే ఎక్కువ దెబ్బ కొట్టేది మాత్రం చివరి `a`. మన ప్రశ్న మొత్తం ఆ ఒక్క అక్షరంలోనే ఉంటుంది. `repu vastava` అంటే అడగడం, `repu vastav` అంటే వస్తావని తేల్చేయడం, మనం బద్ధకంతో ఆ అక్షరమూ మింగేస్తాం, ప్రశ్న గుర్తూ పెట్టం. తెలుగువాళ్లు చదివేటప్పుడు సర్దుకుంటారు, కొత్తవాళ్లకి మాత్రం అడిగినట్టుండదు, ఆర్డర్ వేసినట్టుంటుంది. `ravu` అన్నా అంతే, రావా అని బుజ్జగించబోతే, నువ్వు రావులే అని తేల్చేసినట్టు వెళ్తుంది. హిందీ వచ్చినవాళ్లతో అయితే `pani undi` కూడా చూసుకుని పెట్టండి, వాళ్ల కంటికి ముందు కనపడేది నీళ్లే.

మరి తెలుగు మానేసి ఇంగ్లిష్‌లో మాట్లాడుకోవాలా అంటే నేనైతే వద్దంటాను. `tinnava` అని అడగడంలో ఉన్న వెచ్చదనం ఇంగ్లిష్‌లో రాదు, పైగా నేర్చుకుందామని వచ్చిన మనిషిని నువ్వు బయటివాడివే అని మళ్లీ గుమ్మం అవతల నిలబెట్టినట్టు. సరదా కబుర్లన్నీ తెలుగులోనే నడవనివ్వండి, ప్లాన్ మారినప్పుడూ కోపం వచ్చినప్పుడూ మాత్రం తోక మీద భారం వేయకుండా ఇంకో పూర్తి వాక్యం కలపండి. పై కథలో ఆమె `sarle` పక్కనే `kopam ga undi, kani repu kaluddam` అని పెట్టి ఉంటే యాప్ కూడా సరిగ్గానే చెప్పేది, ఎందుకంటే అప్పుడు కోపం మాటలోకే వచ్చేసింది.

ఇక్కడ నాకు తెలిసిన అభ్యంతరం ఒకటుంది, కోపం వచ్చిందని విడమరిచి చెప్పాల్సి వస్తే ఇక అలక ఎందుకు, తెలుసుకోవాలి కదా అంటారు. తెలుగు ఇంట్లో పుట్టిన మనిషి తెలుసుకోవాలి, ఒప్పుకుంటా. మూడు నెలల క్రితం హైదరాబాద్‌లో దిగిన మనిషికి ఆ పరీక్ష పెట్టి ఫెయిల్ చేయడం మాత్రం అన్యాయం.

అవతలివాళ్లు చేయగలిగింది కూడా ఉంది. ఇంగ్లిష్ అక్షరాల తెలుగుని నేరుగా యాప్‌లో పడేస్తే స్పెల్లింగ్‌కో అర్థం వస్తుంది, దాన్ని ముందు జీబోర్డ్ లాంటి కీబోర్డ్‌లో తెలుగు లిపిలోకి మార్చి తర్వాత పెడితే దీర్ఘాలూ ఒత్తులూ చాలావరకు కుదురుకుంటాయి. అయితే కీబోర్డ్ చూపించే మొదటి మాటే కరెక్ట్ అని గ్యారంటీ లేదు, వాడు, వద్దు లాంటివి వస్తే ఎవరు కొట్టారో వాళ్లనే అడగడం మేలు. `champesta`, `pichi` లాంటివి వచ్చినప్పుడు చుట్టూ ఏముందో చూడాలి, అంతకుముందు నాలుగు మెసేజ్‌లు నవ్వులైతే అది చనువే, అంతకుముందు గంట నుంచి రిప్లై లేకపోతే యాప్ తెరిచి లాభం లేదు, ఫోన్ చేయాలి.

అమెరికాలో పుట్టి పెరిగిన మన పిల్లల సంగతి ఇంకోలా ఉంటుంది, చాలామందికి లిపి రాదు, తెలుగు చెవికి మాత్రమే తెలుసు, అదీ ఇంట్లో అమ్మ నాన్న మాట్లాడేది. వాళ్లలో కొందరికి `tinnava ra` అని డేట్ నుంచి వస్తే ప్రేమగా కాదు, వంటింట్లోంచి అమ్మ కేకేసినట్టు వినపడుతుంది. వాళ్లకి టైప్ చేయడం కంటే పది సెకన్ల వాయిస్ నోట్ నయం, సర్లే అన్న మాటని ఎంత సాగదీశారో దాంట్లో తెలిసిపోతుంది.