సేవాభావం: ఐదుకు మూడున్నర

మనిషి మంచితనాన్ని అర మార్కు తేడా కూడా పోకుండా కొలిచే సాధనం హన్మకొండలో ఉందని చాలామందికి తెలియదు. నాకూ మొన్న ఆదివారమే తెలిసింది. నాలుగు పేజీల ఫారం అది. పైన "వాలంటీర్ త్రైమాసిక పనితీరు మదింపు" అని ఉంది. రెండో పేజీలో, సమయపాలనకూ వస్త్రధారణకూ మధ్య "సేవాభావం" అని ఒక గడి, దాని ఎదురుగా ఒకటి నుంచి ఐదు దాకా అంకెలు. మా టైలర్ అక్కకు అందులో మూడున్నర పడింది.

మూడు వేసినా ఊరుకునేవాణ్ణి. నాలుగు వేస్తే చప్పట్లు కొట్టేవాణ్ణి. ఆ అర దగ్గరే నా నిద్ర పోయింది. మూడు తర్వాత అక్క సేవాభావం ఎందాకా వచ్చి ఆగింది? మిగతా సగం షేర్ ఆటో కుదుపులకు దారిలో ఎక్కడైనా జారిపోయిందా?

విషయం ఇదీ. ఒక స్వచ్ఛంద సంస్థ బస్తీలోని ఒక గదిలో మంగళ, గురు, శనివారాల్లో ఆరింటి నుంచి ఏడున్నర దాకా పిల్లలకు చదవడం నేర్పిస్తుంది. ఎవరికీ జీతం లేదు, ఎవరికీ టార్గెట్ లేదు. వీలైనవాళ్లు వచ్చి చేతనైనంత చేయడమే పద్ధతి. నేను కమిటీ సభ్యుణ్ణి. రిటైరై, ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా ఉన్న ప్రతివాడూ మా ఊళ్లో ఏదో ఒక కమిటీలో ఉంటాడు.

ఈ ఏడాది మాకొక దాత దొరికారు. డబ్బుతో పాటు తమ కంపెనీ హెచ్ఆర్ వాళ్లు వాడే ఫారం కూడా దానం చేశారు. అందులో "ఉద్యోగి" అని ఉన్నచోటల్లా "వాలంటీర్" అని మార్చారు. మూడు చోట్ల మరిచిపోయారు. "అమ్మకాల లక్ష్యం" దగ్గర వర్తించదు అని రాసుకోమన్నారు. "ఇంక్రిమెంట్ సిఫారసు" గడిని మాత్రం అలాగే ఉంచారు. మా కోఆర్డినేటర్ చాలా నిజాయితీ గల కుర్రవాడు, ఆ గడిని కూడా నింపాడు. అక్కకు ఆరు శాతం. సున్నాకు ఆరు శాతం కలిపితే ఎంతవుతుందో లెక్క చూసుకోండి, ఏప్రిల్ నుంచి అమలు.

ఇక ఆ ఆదివారం నాటి ముఖాముఖి. నేను పరిశీలకుణ్ణి, అంటే బిస్కెట్లు తినేవాణ్ణి. అక్క మెడలో టేపు తియ్యకుండానే వచ్చింది. బతుకమ్మ ముందు రోజులు, ఇంట్లో యాభై జాకెట్లు కుప్ప పడి ఉన్నాయి.

"అక్కా, మీ బలాలు మూడు చెప్పండి" అన్నాడు కోఆర్డినేటర్.

"బలమేడిది తమ్మీ, బీపీ ఉన్నది."

అతను రాసుకున్నాడు. నేను తొంగి చూశాను. నిజంగానే రాసుకున్నాడు.

"వచ్చే ఐదేళ్లలో మిమ్మల్ని మీరు ఎక్కడ చూసుకుంటున్నారు?"

"యాడికి పోత? గా మిషిన్ ముంగటనే."

ఆ జవాబుకు "ఎదగాలన్న తపన" గడిలో రెండు పడ్డాయి. ఆ తర్వాత అసలు గడి వచ్చింది. సేవాభావంలో ఒకటిన్నర ఎందుకు తగ్గిందని నేను బిస్కెట్ పక్కన పెట్టి అడిగాను. అతను ఫోన్ తీసి చూపించాడు. మూడు నెలల్లో తీసిన ఫోటోల్లో అక్క పద్నాలుగింటిలో ఉంది. పద్నాలుగింటిలోనూ తల దించుకునే ఉంది. ఎందుకంటే అన్నింటిలోనూ పిల్లల పుస్తకంలోకి చూస్తోంది. "దాతలకు పంపాలంటే ముఖంలో సంతోషం కనపడాలి కదా సార్" అన్నాడు. అందుకు ఒక మార్కు పోయింది. ఇక ఆ అర మాత్రం పది మంది వాలంటీర్లలో ఇద్దరికి మించి "అంచనాలను మించారు" అని ఇవ్వకూడదన్న నియమం వల్ల కోసేశారు. టార్గెట్టే లేనిచోట అంచనా ఎక్కడిదని అడిగాను. ఆ ప్రశ్నకు ఫారంలో గడి లేదట.

ఆ ఇద్దరిలో ఒకడు ఇంజనీరింగ్ చదివే కుర్రాడు, బండి మీద వస్తాడు. పిల్లల ప్రగతి గడిలో అతనికి ఐదు, అక్కకు రెండు. ఇది కాస్త వివరంగా చెప్పాలి. మా దగ్గర పల్లె పిల్లల చదువు ఎంతవరకు వచ్చిందో చూసే ఆసర్ సర్వేలో వాడే మెట్లతో చూస్తాం. ఒక్కొక్కరినీ పక్కన కూర్చోబెట్టుకుని చదివిస్తే అక్షరాల దగ్గర ఉన్నారా, పదాల దాకా వచ్చారా, ఒకటో తరగతి పేరా చదవగలరా, రెండో తరగతి కథ చదవగలరా అన్నది తేలుతుంది. పిల్లవాడు ఎక్కడున్నాడో, రేపు ఏది నేర్పాలో తెలుసుకోవడానికి పనికొచ్చే కొలత ఇది. దాన్ని తెచ్చి వాలంటీర్ నెత్తిన పెట్టారు.

కుర్రాడు పేరా చదివే ఆరుగురిని ఎంచుకున్నాడు. ఆరుగురూ కథ మెట్టెక్కారు, వాళ్లలో కొందరు ఎవరూ రాకపోయినా ఎక్కేవాళ్లే. నూటికి నూరు. అక్క మాత్రం ఎవరూ తీసుకోని ఏడుగురిని తీసుకుంది. అందులో ఐదో తరగతి పిల్లవాడొకడు "పలక" గడగడా చదివి, "గుర్రం" రాగానే "గురం" అని ఆగిపోయేవాడు. వాడి కంటికి ఒత్తు అన్నదే ఆనదు. అక్క జేబురుమాలంత లైనింగ్ గుడ్డ తీసి, దాని మీద మార్కింగ్ సుద్దతో పెద్ద "ర" రాసింది. కింద ఇంకో ముక్క పెట్టి దాని మీద ఒత్తు రాసి, రెంటినీ కలిపి గుండుసూది గుచ్చింది. "పైన గుడ్డ, కింద లైనింగ్. రెండూ కలిపి కుడితేనే జాకెట్. ఒక్కటి వదిలిపెడితే నేను తిట్లు తింట" అంది. సూది తీసి ఒకసారి, గుచ్చి ఒకసారి చదివించింది. వాడికి ఆ సంగతి ఎక్కడానికి రెండు వారాలు పట్టింది. ఏడుగురిలో ఐదుగురు అక్షరాల నుంచి పదాలకు వచ్చారు, కథ దాకా ఒక్కరూ రాలేదు. అందుకే రెండు. వచ్చేసారి ఐదు కావాలంటే ఏం చేయాలో అక్కకు ఎవరూ చెప్పనక్కర్లేదు. గుర్రం పిల్లవాణ్ణి వదిలేసి, చదవడం వచ్చినవాణ్ణి పట్టుకోవాలి. ఫారం నేర్పేది అదే.

ఇప్పుడు హాజరు. మూడు నెలల్లో ముప్పై తొమ్మిది తరగతులు. అక్క ముప్పై ఆరింటికి వచ్చింది, రాని మూడు రోజులూ ముందురోజే ఫోన్ చేసి చెప్పింది. కుర్రాడు పదిహేడింటికి వచ్చాడు, రానప్పుడు ఒక్కసారీ చెప్పలేదు. హాజరుకు పది మార్కులు, సోషల్ మీడియా ప్రచారానికి ఇరవై. కుర్రాడి రీల్స్ బాగుంటాయి. నేనూ లైక్ కొట్టాను, ఒప్పుకుంటున్నాను.

ఆగస్టులో ఒక గురువారం తాళంచెవి ఆ కుర్రాడి దగ్గర ఉంది. ఆ రోజు అక్క రానని ముందే చెప్పింది కాబట్టి తెరవాల్సింది అతనే. రాలేదు, ఫోన్ ఎత్తలేదు. వాన. పదకొండు మంది పిల్లలు మెట్ల మీద, పుస్తకాల సంచులు నెత్తిన పెట్టుకుని ఏడున్నర దాకా కూర్చున్నారు. ఒక పిల్ల చంకలో తమ్ముణ్ణి ఎత్తుకునే కూర్చుంది. సారొస్తాడు అన్నారు కదా, అందుకు కూర్చున్నారు. మరుసటి శనివారం వాళ్లలో నలుగురు రాలేదు, ఇద్దరు ఆ తర్వాత కూడా రాలేదు. దీని గురించి ఆ కుర్రాణ్ణి అడిగారా అంటే కోఆర్డినేటర్ మెల్లగా అన్నాడు: "ఉచితంగా చేసే మనిషిని ఏమంటాం సార్? మనసు నొచ్చుకుంటుంది."

అయ్యా, అక్క ముఖంలో సంతోషం ఎంతుందో ఫోటోలు జూమ్ చేసి మార్కు కోసినప్పుడు ఎవరి మనసూ నొచ్చుకోదా? వస్తానని తన నోటితో తానే చెప్పిన మనిషిని, ఎందుకు రాలేదని అడగడానికి మీకు నోరు రాదు. వానలో కూర్చున్న పిల్లల ముందు మర్యాద గుర్తొస్తుంది! జీతం లేని మనిషి నుంచి కమిటీ అడగగలిగినవి కొన్నే. చెప్పిన రోజు వచ్చావా, రాలేకపోతే చెప్పావా, నీ దగ్గర పిల్లలు క్షేమంగా ఉన్నారా? ఆ కొన్నీ అడగాల్సిందే, గట్టిగానే అడగాలి. మంచితనం మీరు ఇచ్చింది కాదు, దాన్ని కోసే హక్కు మీకు లేదు.

సరే, బీపీ నాకూ ఉంది.

ఆ తర్వాత బహుమానం సంగతి వచ్చింది. వచ్చే మూడు నెలల నుంచి మంచి మార్కులు వచ్చినవాళ్లకు తరగతికి వంద రూపాయల గిఫ్ట్ వోచర్ అని ప్రతిపాదన. అక్క మొదటిసారి ముఖం చిన్నబుచ్చుకుంది. "లైనింగ్ జాకెట్‌కు నాలుగు వందలు తీసుకుంట సారూ. నా సాయంత్రానికి వందనా?" వోచర్ అన్నది వినకముందు ఆమె సాయంత్రానికి వెల లేదు. వినగానే అది తక్కువ కూలీ అయి కూర్చుంది. ఇజ్రాయెల్‌లో నీజీ, రుస్తికిని అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఇంటింటికీ తిరిగి చందాలు పోగుచేసే స్కూలు పిల్లల మీద ఇదే పరీక్షించి 2000లో ప్రచురించారు. పోగైన దానికి ఒక శాతం లెక్కన విడిగా డబ్బిస్తామని చెప్పిన జట్లు అందరికన్నా తక్కువ తెచ్చాయి. పది శాతం మాట విన్నవాళ్లు వాళ్లకన్నా నయం. అయినా డబ్బు ఊసు లేకుండా ఇది మంచి పని అని మాత్రమే చెప్పిన జట్లను దాటలేకపోయారు. ఇస్తే పనికి తగ్గట్టు ఇవ్వాలి, లేదా డబ్బు మాటే ఎత్తకూడదు.

డబ్బు మాట ఎత్తాల్సిన చోటు మాత్రం ఒకటుంది. అక్క ఎలా వస్తుందో అంతవరకూ ఎవరూ అడగలేదు. నేను అడిగాను. షేర్ ఆటో, పోను ఇరవై, రాను ఇరవై. ముప్పై ఆరు రోజులకు పద్నాలుగు వందల నలభై రూపాయలు. అది జీతం కాదు, ఆమె చేతి నుంచి పెట్టిన ఖర్చు, తిరిగి ఇవ్వాల్సిన బాకీ. "ఆ పద్దు లేదు సార్" అన్నాడు కోఆర్డినేటర్. శాలువా, మెమెంటో పద్దు ఉంది. ఒక్కొక్కరికి పదహారు వందలు. మెమెంటో అంటే ఇంకేముంటుంది, కాకతీయ కళాతోరణం. కోటలో ఉన్నవి నాలుగే తోరణాలు. కమిటీ సభ్యుణ్ణి కాబట్టి మా ఇంట్లో టీవీ పక్కన ఐదున్నాయి.

ఇంకేమైనా ఇబ్బంది ఉందా అక్కా అని అడిగితే, గదిలో బల్బు చాలడం లేదని, ఒత్తులు పిల్లలకు ఆనడం లేదని చెప్పింది. తను జూలైలోనే చెప్పిందట. ఫారంలో "సూచనలు" గడి నాలుగో పేజీలో ఉంది, మేమింకా మూడో పేజీలోనే ఉన్నాం.

చివరికి "ఉద్యోగి సంతకం" దగ్గర అక్క సంతకం పెట్టింది. మార్చడం మరిచిపోయిన మూడు చోట్లలో అదొకటి. కాపీ ఆమెకే ఇచ్చేశారు. ఆమె నాలుగు కాగితాలనూ తిప్పి చూసింది.

"ఎనక ఖాళీగనే ఉన్నది గద సారూ. మంగళారం గుర్రం రాయిస్త" అని మడిచి, టేపుతో పాటు సంచిలో వేసుకుంది.