మొహం లేకుంటె గౌను అమ్ముడుపోదా?

"పిల్లల బట్టల ఫోటోల మొహం లేకుంటె ఎవ్వరూ ఆగి చూడరు. ఏఐ తోటి పాపను జేసి గౌను తొడిగిస్తె అయిపాయె, ఖర్చు లేదు, ఏ వయసుకు సరిపోతదో కూడా తెలుస్తది, అది ఎవరి బిడ్డా కాదు కాబట్టి ఏ లొల్లీ ఉండదు." మా వ్యాపారస్తుల వాట్సాప్ గ్రూపులల్ల నెల రోజుల్నుంచి తిరుగుతున్న మెసేజ్ ఇది.

ముందుగాల బట్ట సంగతి, అసలు తిరకాసు అక్కడ్నే ఉంది. మాది నల్గొండల చిన్న షాపు, పోచంపల్లి, పుట్టపాక దిక్కు నుంచి ఇక్కత్ కాటన్ తెచ్చి చిన్నపిల్లల గౌన్లు కుట్టిస్తం. ఇక్కత్ అంటె నేసెటందుకు ముందే దారానికి కట్లు కట్టి రంగుల ముంచుతరు గదా, మగ్గం ఎక్కినంక ఆ దారాలు ఇంతింత అటిటు జరుగుతయ్, అందుకే డిజైన్ అంచులు చెదిరినట్టు, ఈకలోలె కనవడ్తయ్. ఏఐకి గౌను ఫోటో ఇచ్చి పాపకు తొడుగు అంటె అది మన బట్టను తీస్కపోయి తొడగదు, చూసిందాన్ని బట్టి మళ్ల కొత్తగ గీస్తది. గీసేటప్పుడు ఆ చెదిరిన అంచును సాఫ్ జేసి ప్రింట్ గుడ్డ లెక్క పెడ్తది. మేం కూడ ఓసారి ఆశపడి చేసినం, ముందర 5 గుండీలుండాలె, 4 వచ్చినయ్, కింది అంచు దాదాపు డబుల్ వెడల్పయింది, మాకు కనవడనే లేదు. కొన్నామె పార్సిల్ వాపస్ పంపుకుంట "ఫోటోలున్నది ఇది కాదు గదన్నా" అన్నది, ఆమెను ఏమనాలె, తప్పు మాదే. 2019 వినియోగదారుల రక్షణ చట్టంల వస్తువును తప్పుగ వర్ణించే ప్రకటన తప్పుదోవ పట్టించే ప్రకటన కిందికే వస్తది, ఏఐ గీసింది నాకేం తెల్సు అంటె నడ్వదు. మీ దగ్గర అసొంటి బొమ్మ ఉంటె జూమ్ జేసి గుండీలు లెక్కపెట్టండి, ఛాతి మీద అడ్డంగ ఎన్ని పువ్వులున్నయో అసలు గౌనుతోటి సరిచూడండి, దొర్కుతది.

ఇగ సైజు. గీసిన పాపకు వయసు ఎక్కడిది? ఏ గౌనేసినా ఆమె ఒంటికి కొలిచి కుట్టినట్టే వస్తది, ఎందుకంటె ఒళ్లు, గౌను రెండూ ఒకటేసారి గీసిండ్రు. అదే గౌనును పరిచి పక్కన టేపు పెట్టి ఇంకో ఫోటో తీయండి. మా 22 నంబర్ గౌను భుజం కాడ్నుంచి కింది వరకు 22 అంగుళాలు, చంక కింద అడ్డంగ 12, అంటె చుట్టూత 24. కొనే తల్లి తన పిల్లకు సరిగ్గ పట్టే గౌనొకటి ఇంట్ల మంచం మీద పరిచి కొలుచుకుంటె అయిపాయె. నాలుగేండ్ల పిల్లలంత ఒక్క తీరు ఉండరు గదా, మా ఇంట్లనే ఇద్దరికి మూడు అంగుళాల తేడా ఉంది.

ఖర్చు అంటరా, మాకైతె తెల్ల చార్టులు నాలుగు, కిటికీ, ఫోన్, ఇస్త్రీ పెట్టె. ఎండ డైరెక్టుగ పడని కిటికీ పక్కన నేల మీద పరిచి ట్యూబ్‌లైట్ బంజేస్తం, రెండు వెలుగులు కలిస్తె ఎర్ర రంగు ఇటుక రంగైతది. చేతులల్ల టిష్యూ పేపర్ కొంచెం కుక్కితె చప్పగ పడిపోకుంట ఉంటది. ఫోన్ దగ్గర పెట్టి తీస్తె గౌను నడిమిట్ల ఉబ్బినట్టు వస్తది, అందుకే స్టూలెక్కి పైనుంచి 2x ల తీయాలె, ఫోన్ నేలకు సమానంగ పట్టాలె, లేకుంటె కింది వైపు సన్నబడ్తది.

పరిచిన ఫోటోల కుచ్చుల గేర తెల్వదు, ఇది నేనూ ఒప్పుకుంట. దానికే హ్యాంగర్. కాని పెద్దోళ్ల హ్యాంగర్‌కు పెడితె భుజాలు సాగి మెడ వంకరయితది, పిల్లలది 10, 12 అంగుళాలది కొనుండ్రి. లంగ జాకీటుకైతె లంగను క్లిప్పుల హ్యాంగర్‌కు విడిగ వేలాడదీయాలె, లేకుంటె జాకీటు కింద నడుము పట్టీ కనవడదు. గేర చూపియ్యాలంటె హ్యాంగర్‌నే మెల్లగ తిప్పి పది సెకండ్ల వీడియో తీస్తం, అదే ఎక్కువ అడుగుతుండ్రు.

మిగిలింది "ఎవరి బిడ్డా కాదు" అనేది. 2024ల హ్యూమన్ రైట్స్ వాచ్ అనే మానవ హక్కుల సంస్థ వాళ్లు ఏఐ ట్రైనింగుకు వాడే LAION-5B అనే డేటాల కొంచెమే ఎదికితె, బ్రెజిల్, ఆస్ట్రేలియా పిల్లల నిజం ఫోటోలు దొరికినయ్, వాళ్ల తల్లిదండ్రులకు ఖబరే లేదు. ఇంకోటి, మన దగ్గర చేసేది ఎట్ల? మొహం మంచిగ రావాలని పక్కింటి పాప ఫోటోనో, చుట్టాల పెండ్లిల తీసిన ఫోటోనో ఆ యాప్‌ల ఎక్కిస్తుండ్రు, ఆనక వచ్చిన బొమ్మ ఆ పాపనే గుర్తుకు తెస్తది. రేపు వాళ్ల నాయిన షాపుకొచ్చి "ఇది మా బిడ్డ మొహం లెక్కనే ఉందేంది" అంటె, ఆ మెసేజ్ పంపినాయన వచ్చి జవాబు చెప్తడా?