మారటోరియంలో మౌనంగా పెరిగే విద్యారుణం

చదువు పూర్తయి మరో ఏడాది గడిచేదాకా కిస్తీ కట్టనక్కర్లేదంటే చాలామంది ఆ కాలానికి వడ్డీ కూడా ఉండదనే అనుకుంటారు. మారటోరియం అనే ఈ విరామం వాయిదా వేసేది చెల్లింపును మాత్రమే. మొదటి విడత రుణం విడుదలైన రోజు నుంచే వడ్డీ లెక్క మొదలవుతుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. రెండేళ్ల కోర్సుకు 10 లక్షల రుణం, వడ్డీ 10 శాతం. డబ్బు ఒక్కసారే రాదు, ఆరు నెలలకోసారి రెండున్నర లక్షల చొప్పున నాలుగు విడతల్లో వస్తుంది. కోర్సు రెండేళ్లు, ఆపైన ఒక ఏడాది కలిపి మారటోరియం 36 నెలలు. మొదటి విడతకు మూడేళ్లు, రెండోదానికి రెండున్నరేళ్లు, మూడోదానికి రెండేళ్లు, చివరిదానికి ఏడాదిన్నర వడ్డీ పడుతుంది. బారువడ్డీ లెక్కన మొత్తం 2,25,000 రూపాయలు. కిస్తీలు మొదలయ్యే రోజున ఇది అసలులో కలిసిపోతుంది. తీసుకున్నది పది లక్షలే అయినా కిస్తీ కట్టేది పన్నెండు పావు లక్షల మీద.

పదేళ్ల గడువుకు ఈఎంఐ సుమారు 16,188 రూపాయలు. 120 నెలల్లో కట్టేది 19.43 లక్షలు. అంటే పది లక్షల చదువుకు వడ్డీయే దాదాపు 9.43 లక్షలు.

మారటోరియంలో పడిన వడ్డీని ఎప్పటికప్పుడు కట్టేస్తే ఏమవుతుంది? మొదటి విడతకు నెలకు 2,083 రూపాయలు, నాలుగు విడతలూ వచ్చాక 8,333. చదువుకునే పిల్లల ఇంట్లో ఇది చిన్న మొత్తమేమీ కాదు. కానీ అలా కడితే ఈఎంఐ 13,215కి దిగుతుంది, మొత్తం వడ్డీ 8.11 లక్షల దగ్గర ఆగుతుంది. మిగిలేది 1.32 లక్షలు. పూర్తిగా కాకపోయినా సగం వడ్డీ కట్టగలిగితే ఇందులో సగం లాభం దాదాపుగా చేతికొస్తుంది. ఇలా వడ్డీ కట్టేవారికి రేటులో ఒక శాతం దాకా రాయితీ ఇచ్చే బ్యాంకులూ ఉన్నాయి. రుణం తీసుకునేటప్పుడే అడగాలి.

మంజూరు పత్రంలో మరో మాట చూడాలి: మారటోరియంలో బారువడ్డీయా, నెలనెలా చక్రవడ్డీయా? రెండోదైతే పై లెక్కలో 2.25 లక్షల బదులు 2.53 లక్షలు చేరతాయి.

ఇక ముందస్తు చెల్లింపు. పైన చెప్పిన రుణంలోనే ఒక ఏడాది ఈఎంఐలు కట్టాక మిగిలిన అసలు సుమారు 11.50 లక్షలు. బోనస్ రూపంలో వచ్చిన లక్ష రూపాయలు అప్పుడు జమ చేశారనుకుందాం. పాత ఈఎంఐనే కొనసాగిస్తే 108 నెలల రుణం 94 నెలల్లో తీరిపోతుంది, వడ్డీలో 1.31 లక్షలకు పైగా ఆదా. అదే లక్షకు బ్యాంకు గడువును అలాగే ఉంచి ఈఎంఐని తగ్గిస్తే నెలకు 1,400 రూపాయల వెసులుబాటు దొరుకుతుంది కానీ ఆదా 52 వేలకు పడిపోతుంది. అదే డబ్బు, అదే రోజు, తేడా అంతా ఆ ఒక్క ఎంపికలోనే. ఆదాయం నిలకడగా లేనివారికి ఈఎంఐ తగ్గడమే మేలు కావచ్చు, అది వేరే లెక్క. మిగతావారు మాత్రం ‘ఈఎంఐ మార్చకండి, గడువు తగ్గించండి’ అని రాతపూర్వకంగా ఇవ్వాలి. ఫ్లోటింగ్ వడ్డీ మీద వ్యక్తులు తీసుకున్న విద్యారుణానికి ముందస్తు చెల్లింపు రుసుము వేయడానికి ఆర్‌బీఐ నిబంధనలు ఒప్పుకోవు. ఫిక్స్‌డ్ రేటు అయితే ఒప్పందం చూసుకోవాల్సిందే.

ఎప్పుడు కట్టామన్నదీ ముఖ్యమే. ఆ లక్షనే ఏడేళ్లు గడిచాక జమ చేస్తే ఎనిమిది నెలలు తగ్గుతాయి, ఆదా 31 వేలే. మొదటి ఏళ్లలో ఈఎంఐలో సగానికి మించి వడ్డీకే పోతుంది కాబట్టి అసలును అప్పుడు తగ్గించిన ప్రతి రూపాయీ మిగిలిన ఏళ్లన్నిటికీ వడ్డీని ఆపుతుంది. ఒకేసారి లక్ష లేనివారు మొదటి కిస్తీ నుంచే నెలకు రెండు వేలు అదనంగా కట్టినా రుణం వంద నెలల్లో ముగుస్తుంది, 1.37 లక్షలు మిగులుతాయి.

పాత పన్ను విధానంలో విద్యారుణ వడ్డీకి మినహాయింపు ఉంది కదా, తొందరెందుకని కొందరంటారు. 20 శాతం శ్లాబులో ఉన్నవారికి వంద రూపాయల వడ్డీ మీద తిరిగొచ్చేది సుమారు ఇరవై, మిగతా ఎనభై చేతి నుంచి పోయేదే. పైగా ఆ మినహాయింపు ఎనిమిదేళ్లకే.

కట్టిన లక్ష అసలులోకే వెళ్లిందా? కొన్నిచోట్ల దాన్ని రాబోయే కిస్తీలకు అడ్వాన్సుగా రాసుకుని, తదుపరి కిస్తీ తేదీని వాయిదా వేస్తారు. అలా జరిగితే ఆశించినంత ఆదా ఉండదు. పట్టుకోవడం తేలికే. పై ఉదాహరణలో ఏడాది తర్వాత జమ చేసిన రోజు స్టేట్‌మెంట్‌లో మిగిలిన అసలు లక్ష తగ్గి 10.50 లక్షలు కావాలి, మరుసటి నెల వడ్డీ 9,582 నుంచి 8,749కి దిగాలి. ఆ 833 రూపాయల తేడా కనిపించకపోతే స్టేట్‌మెంట్ పట్టుకుని అదే వారం శాఖకు వెళ్లండి.